రెండు రెసిస్టర్ల పంపకం

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి విడిభాగాల కోసం వెళ్లే ఇంజనీరింగ్ విద్యార్థిని ఒకరిని ఊహించుకుందాం. చేతిలో చీటీ ఉంటుంది. ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, ఒక చిన్న డిస్‌ప్లే, 20 కె రెసిస్టర్ ఒకటి, 10 కె రెసిస్టర్ ఒకటి. ఇంటి మీద సోలార్ ప్యానెల్, కింద 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నాయి. బ్యాటరీలో ఎంత మిగిలిందో డిస్‌ప్లేలో చూపించడమే ఆ ప్రాజెక్టు. చీటీలో ఉన్నవాటిలో అతి చవకైనవి ఆ రెండు రెసిస్టర్లే. ప్రాజెక్టు పనికొస్తుందా లేదా అన్నది తేలేది కూడా చాలావరకు వాటి దగ్గరే.

ఆ రెండు రెసిస్టర్లు ఎందుకంటే, ఆర్డుయినో కాలు తట్టుకునే వోల్టేజీకి ఒక హద్దు ఉంది. ఊనోలోని చిప్ 5 వోల్టుల మీద నడుస్తుంది. తన కాలి దగ్గరికి సున్నా నుంచి 5 వోల్టుల మధ్య ఏది వచ్చినా దాన్ని కొలిచి 0 నుంచి 1023 వరకు ఒక అంకెగా చెబుతుంది. బ్యాటరీ పేరుకు 12 వోల్టులదే అయినా ఛార్జింగ్ చివర్లో 14.4 నుంచి 14.8 వరకు వెళుతుంది. కొంచెం జాగ్రత్తకు 15 వోల్టులు అనుకోవాలి. దాన్ని నేరుగా కాలికి కలిపితే చిప్ పోతుంది. అందుకే ముందు దాన్ని మూడో వంతుకు తగ్గించాలి. ఆ పని చేసేదే వోల్టేజీ డివైడర్.

డివైడర్ చేసే పని అన్నదమ్ముల ఆస్తి పంపకం లాంటిది. రెండు రెసిస్టర్లను వరసగా కలిపి, ఒక చివర బ్యాటరీ ప్లస్‌కు, రెండో చివర మైనస్‌కు తగిలిస్తారు. బ్యాటరీ వోల్టేజీని ఆ రెండూ తమ తమ రెసిస్టెన్సును బట్టి పంచుకుంటాయి. పైన 20, కింద 10 ఉంటే మొత్తం 30 వాటాలు. కిందిదానికి 10 వాటాలు, అంటే మూడో వంతు వస్తుంది. ఆ కిందిదాని వాటానే మధ్య కీలు దగ్గర నుంచి తీసి ఆర్డుయినోకు ఇస్తారు. పైదాన్ని R1, కిందిదాన్ని R2 అంటే లెక్క ఇది:

`Vout = Vin × R2 / (R1 + R2)`

15 వోల్టులకు 20 కె, 10 కె పెడితే సరిగ్గా 5 వోల్టులు వస్తాయి. కాగితం మీద ఇంతకంటే శుభ్రమైన లెక్క ఉండదు. చిక్కు ఎక్కడంటే, దుకాణంలో 20 కె అని ఇచ్చిన రెసిస్టర్ 20 కె కాదు.

బంగారు పట్టీ చెప్పే మాట

రెసిస్టర్ ఒంటి మీది రంగు పట్టీల్లో చివరిది బంగారు రంగులో ఉంటే, అసలు విలువ రాసినదానికి 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చని తయారీదారు ముందే చెబుతున్నట్టు. దీన్నే టాలరెన్స్ అంటారు. 10 కె అని ఉన్నది 9.5 కె కావచ్చు, 10.5 కె కావచ్చు, ఆ మధ్యలో ఏదైనా కావచ్చు. చివరి పట్టీ గోధుమ రంగులో ఉంటే ఆ తేడా 1 శాతం. ఇది వస్తువులో లోపం కాదు. ధరను, తేడాను కలిపి తయారీదారు చేసుకున్న ఒప్పందం. కొన్నవారు ఆ ఒప్పందాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

5 శాతం రెసిస్టర్లు వాడితే జవాబులో కూడా 5 శాతమే తేడా వస్తుందని చాలామంది అనుకుంటారు. రెండు రెసిస్టర్లు కాబట్టి 10 శాతం అని ఇంకొందరు అనుకుంటారు. రెండూ తప్పే. నిజం తెలియాలంటే పంపకం దగ్గరికే మళ్లీ వెళ్లాలి.

రెండు రెసిస్టర్లూ ఒకేసారి 5 శాతం పెరిగాయనుకుందాం. పైది 21, కిందిది 10.5. మొత్తం 31.5 వాటాల్లో 10.5, అంటే మళ్లీ మూడో వంతే. జవాబు ఇసుమంత కూడా మారలేదు. ఇద్దరూ ఒకే నిష్పత్తిలో పెరిగినా తరిగినా పంపకం మారదు. ఒకరు పెరిగి ఇంకొకరు తగ్గినప్పుడే తేడా వస్తుంది. కాబట్టి నాలుగు మూలల్లో రెండింటిని వదిలేసి మిగతా రెండింటినే చూస్తే చాలు.

మొదటిది, పైది వీలైనంత తగ్గి కిందిది వీలైనంత పెరగడం. 19 కె, 10.5 కె. 15 వోల్టులను 10.5 తో హెచ్చించి 29.5 తో భాగిస్తే 5.34 వోల్టులు. రెండోది దానికి తలకిందులు. 21 కె, 9.5 కె. అప్పుడు 4.67 వోల్టులు. అంటే ఆ విద్యార్థి చేతిలోని జత 15 వోల్టుల బ్యాటరీకి 4.67 నుంచి 5.34 వరకు ఏదైనా ఇవ్వవచ్చు. ఇదే ఆ డివైడర్ వరస్ట్ కేస్ పరిధి.

శాతంలో చూస్తే ఈ తేడా దాదాపు 6.7. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక చిన్న సూత్రం చెబుతుంది. టాలరెన్సును రెట్టింపు చేసి, పై రెసిస్టర్‌కు దక్కే వాటాతో హెచ్చించాలి. ఇక్కడ పైదాని వాటా మూడింట రెండు వంతులు. 10 శాతంలో మూడింట రెండు వంతులు అంటే 6.7 శాతం. సరిగ్గా సగం చేసే డివైడర్‌లో తేడా 5 శాతమే. 100 వోల్టులను 1 వోల్టుకు దించే డివైడర్‌లో పైదాని వాటా 99 శాతం కాబట్టి తేడా దాదాపు పూర్తిగా 10 శాతం అవుతుంది. ఎంత ఎక్కువ తగ్గిస్తే అంత ఎక్కువ తేడా. ఇన్వర్టర్ల డీసీ వోల్టేజీని కొలిచే చోట మంచి రెసిస్టర్లు అడగడానికి ఒక కారణం ఇదే.

బ్యాటరీ భాషలో 6.7 శాతం

12 వోల్టుల్లో 6.7 శాతం అంటే 0.8 వోల్టు. వినడానికి చిన్నదే. లెడ్ యాసిడ్ బ్యాటరీ సంగతి తెలిసినవారికి మాత్రం ఈ అంకె చాలా పెద్దది. లోడు, ఛార్జింగ్ రెండూ ఆపి కొన్ని గంటలు కదపకుండా ఉంచిన బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.7 వోల్టులు చూపుతుంది. సగం ఖాళీ అయితే సుమారు 12.2. అడుగంటితే 11.9 దరిదాపులకు దిగుతుంది. నిండు బ్యాటరీకి, ఖాళీ బ్యాటరీకి మధ్య ఉన్న దూరమంతా కలిపి 0.8 వోల్టే.

అంటే ఆ డిస్‌ప్లే నిండు బ్యాటరీని ఖాళీ అని చూపవచ్చు, ఖాళీ బ్యాటరీని నిండుగా చూపవచ్చు. వైరింగ్‌లో తప్పు లేదు, ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. రెండు రెసిస్టర్ల బంగారు పట్టీలే మొత్తం కొలతను మింగేశాయి.

రెండో ప్రమాదం ఛార్జింగ్ సమయంలో వస్తుంది. కాలి దగ్గర 5 వోల్టులు దాటిన క్షణం నుంచి ఆర్డుయినో 1023 అని మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత బ్యాటరీ 14.2 దగ్గర ఉన్నా 15 దగ్గర ఉన్నా డిస్‌ప్లేలో అదే అంకె నిలిచిపోతుంది. ఛార్జింగ్ ఎప్పుడు ఆపాలో చెప్పాల్సిన పరికరం సరిగ్గా ఆ వేళకే మూగబోతుంది. చిప్ తయారీదారు ఇచ్చిన గరిష్ఠ హద్దు, సరఫరా వోల్టేజీకి పైన 0.5 వోల్టు. సరఫరా సరిగ్గా 5 ఉంటే ఆ హద్దు 5.5. కానీ 7805 లాంటి రెగ్యులేటర్ ఇచ్చే 5 వోల్టులు 4.75 నుంచి 5.25 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 4.75 దగ్గర ఉంటే హద్దు 5.25 కు దిగుతుంది. 5.34 దాన్ని దాటేసింది.

10, 12, 15, 18: ఈ అంకెలు ఎక్కడివి

పరిష్కారం వేరే విలువలు ఎంచుకోవడమే. అయితే దుకాణంలోకి వెళ్లి ఇష్టమొచ్చిన అంకె అడిగితే దొరకదు. 25 కె అడిగితే దుకాణదారు 24 కె గానీ 27 కె గానీ ముందు పెడతాడు. ఈ అంకెల వెనుక ఒక క్రమం ఉంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1952లో దాన్ని ప్రమాణంగా ప్రచురించింది. 10 నుంచి 100 వరకు ఉన్న దూరాన్ని సమాన నిష్పత్తి మెట్లుగా విడగొట్టడమే ఆ క్రమం. 12 మెట్లు చేస్తే వచ్చేది ఇ12 వరస: 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82. ఒక్కో మెట్టు ముందుదానికి సుమారు 21 శాతం ఎక్కువ. 24 మెట్లు చేస్తే ఇ24, 96 మెట్లు చేస్తే ఇ96.

మెట్ల సంఖ్యకూ టాలరెన్సుకూ సంబంధం ఉంది. 10 శాతం తేడా ఉన్న 10 కె రెసిస్టర్ 11 వరకు పోవచ్చు. అదే తేడాతో 12 కె రెసిస్టర్ 10.8 వరకు దిగవచ్చు. రెండిటి పరిధులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి కాబట్టి మధ్యలో ఇంకో విలువ తయారు చేసి లాభం లేదు. అందుకే 10 శాతానికి ఇ12 సరిపోయింది, 5 శాతానికి ఇ24, 1 శాతానికి ఇ96 వచ్చాయి. ఇప్పుడు 1 శాతం రెసిస్టర్లు ఇ12, ఇ24 విలువల్లో కూడా మామూలుగా దొరుకుతాయి. 22.6 కె లాంటి ఇ96 విలువలు క్యాటలాగ్‌లో ఉన్నా, వీధి చివరి దుకాణం డబ్బాలో ఉంటాయన్న నమ్మకం లేదు. వీలైనంతవరకు ఇ12 జతతో పని జరిగిపోతే, పాడైనప్పుడు మళ్లీ తెచ్చుకోవడం సులువు.

జత వెతుకులాట

ఇప్పుడు లెక్కను చివరి నుంచి మొదలుపెట్టాలి. బ్యాటరీ ఎంత పైకి పోతుంది? 15 వోల్టులు. కాలి దగ్గర ఎంత దాటకూడదు? సరఫరా అతి తక్కువగా ఉన్న రోజున 4.75 వోల్టులు. అంటే ఎంత చెడ్డ జత వచ్చినా కింది వాటా 15 లో 4.75 దాటకూడదు, అంటే 0.3167. 1 శాతం రెసిస్టర్లు వాడితే తేడా సుమారు 1.4 శాతం. ఆ మేరకు తగ్గించుకుంటే రాసుకున్న విలువల ప్రకారం వాటా 0.3123 లోపే ఉండాలి. దీన్ని రెసిస్టర్ల భాషలోకి మారిస్తే, పైది కిందిదానికి కనీసం 2.202 రెట్లు ఉండాలి.

ముందుగా అందరికీ తట్టే జత 22 కె, 10 కె. నిష్పత్తి 2.2. కావలసింది 2.202. ఇంత చిన్న తేడాను వదిలేయవచ్చనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే పైది 21.78, కిందిది 10.1 అయిన చెడ్డ మూలలో 4.752 వోల్టులు వస్తాయి. హద్దు దాటింది 2 మిల్లీవోల్టులే. ఈ జత వాడితే ఆ చిప్ పోదు. అయినా ఇంకా ఉష్ణోగ్రత లెక్కలోకి రాకముందే హద్దు దాటిన జత ఇది. ఆ లెక్క వచ్చాక ఇంకా పైకి పోవడమే తప్ప కిందికి దిగడం ఉండదు.

తర్వాతిది 15 కె, 6.8 కె. నిష్పత్తి 2.206. చెడ్డ మూలలో 4.744 వోల్టులు. గట్టెక్కింది, కానీ అంచు మీద. ఆ తర్వాతిది 27 కె, 12 కె. నిష్పత్తి 2.25. చెడ్డ మూలలో పైది 26.73, కిందిది 12.12. 15 వోల్టులకు 4.68 వోల్టులు. హద్దుకు 70 మిల్లీవోల్టుల దూరం మిగిలింది. ఇంకా జాగ్రత్త కావాలనుకునేవారు 24 కె, 10 కె వరకు వెళ్లవచ్చు, అక్కడ 4.47 దగ్గరే ఆగుతుంది. కానీ అంత కిందికి దిగితే ఆర్డుయినో కొలబద్దలో పైభాగం వాడకుండా మిగిలిపోతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. రేకుల షెడ్డు కింద పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో మే నెల మధ్యాహ్నం వేడి 65 డిగ్రీలకు చేరిందనుకుందాం. రెసిస్టర్ విలువను తయారీదారు 25 డిగ్రీల దగ్గర చెబుతాడు. తేడా 40 డిగ్రీలు. మామూలు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ డిగ్రీకి పది లక్షల్లో 100 వంతుల వరకు మారవచ్చు. 40 డిగ్రీలకు అది 0.4 శాతం. ఒకే రకం రెసిస్టర్లు రెండూ సాధారణంగా ఒకే వైపుకు జరుగుతాయి, కాబట్టి పంపకం పెద్దగా మారదు. కానీ తయారీదారు ఆ హామీ ఇవ్వలేదు. హామీ లేనిదాన్ని వరస్ట్ కేస్ లెక్కలో నమ్మకూడదు. టాలరెన్సు 1 శాతం, వేడి 0.4 శాతం కలిపి 1.4 శాతంతో మళ్లీ లెక్క వేయాలి.

ఆ లెక్కలో 15 కె, 6.8 కె జత 4.77 కు పోయి హద్దు దాటేసింది. 27 కె, 12 కె జత 4.71 దగ్గర నిలబడింది. దాని కింది మూల 4.53. ఆ రెండు అంకెల మధ్యే ఆ డివైడర్ ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో పరీక్ష మిగిలింది. ఆర్డుయినో కొలిచేటప్పుడు లోపల ఒక చిన్న కెపాసిటర్‌ను నింపుకుంటుంది. దాన్ని నింపే దారి మరీ ఇరుకైతే కొలత తప్పుతుంది. ఊనో చిప్ తయారీదారు ఆ దారిలో 10 కిలోఓమ్‌లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే మంచిదంటాడు. డివైడర్ వైపు నుంచి చూసే రెసిస్టెన్సు, రెండు రెసిస్టర్లను పక్కపక్కన కలిపినప్పుడు వచ్చే విలువ. 27, 12 లకు అది 8.3 కిలోఓమ్‌లు. సరిపోయింది. అదే నిష్పత్తి కదా అని 270 కె, 120 కె పెట్టి ఉంటే అది 83 అయ్యేది. కరెంటు పొదుపు చేయబోయి కొలతను పోగొట్టుకున్నట్టు. ఈ చిన్న జత 12 వోల్టుల దగ్గర తీసుకునే కరెంటు 0.31 మిల్లీఆంపియర్లు, రోజంతా కలిపి ఏడున్నర మిల్లీఆంపియర్ అవర్లు. సోలార్ బ్యాటరీకి అది లెక్కలోది కాదు.

హద్దు వేరు, కొలత వేరు

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. 1 శాతం రెసిస్టర్లు లేకుండా 5 శాతం వాటితోనే ఈ హద్దులో ఉండలేమా? ఉండగలం. 24 కె, 10 కె జత 5 శాతం టాలరెన్సుతో, చెడ్డ మూలలో కూడా 4.73 వోల్టులే ఇస్తుంది. మామూలు వేడిలో కాలికి ప్రమాదం లేదు. కానీ అదే జత రెండో మూలలో 4.11 ఇస్తుంది. బ్యాటరీ భాషలో 12 వోల్టుల దగ్గర 0.85 వోల్టు అటూ ఇటూ. చిప్ భద్రంగా ఉంటుంది, కొలత మాత్రం పనికిరాదు.

ఈ విషయంలో తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే. ఎంచుకున్న విలువలు పరిధిని పైకో కిందికో జరుపుతాయి. టాలరెన్సు ఆ పరిధి వెడల్పును నిర్ణయిస్తుంది. విలువలు ఎన్ని మార్చినా వెడల్పు పెద్దగా తగ్గదు. ఎంత మంచి రెసిస్టర్ కొన్నా, విలువలు తప్పుగా ఎంచుకుంటే పరిధి హద్దు దాటే ఉంటుంది. రెండు ప్రశ్నలకు రెండు వేర్వేరు జవాబులు కావాలి.

27 కె, 12 కె 1 శాతం జతతో బ్యాటరీ కొలతలో తేడా 12 వోల్టుల దగ్గర సుమారు 0.17 వోల్టు. నిండుకూ ఖాళీకీ మధ్య ఉన్న 0.8 లో అది ఐదో వంతు. సగం ఉందా పావు ఉందా అని చెప్పడానికి ఇది కూడా చాలదు. 0.1 శాతం రెసిస్టర్లు కొంటే 0.017 కు దిగుతుంది. కానీ అవి ఖరీదైనవి, అన్ని చోట్లా దొరకవు. ఒక్కటే పరికరం చేసుకునేవారికి ఇంకో దారి ఉంది. కొలిచి సరిచేసుకోవడం.

ఆ సరిచేయడంలో కూడా ఒక గుంట ఉంది. చాలామంది మల్టీమీటర్ కొనలను డివైడర్ మధ్య కీలు దగ్గర పెట్టి కొలుస్తారు. చవక మీటర్లలో కొన్నింటి లోపలి రెసిస్టెన్సు 1 మెగాఓమ్ మాత్రమే. అది 12 కె పక్కన చేరగానే కింది వాటా 0.8 శాతం తగ్గిపోతుంది. కొలవడానికి పెట్టిన మీటరే కొలతను మార్చేసింది. అందుకని మీటర్‌ను బ్యాటరీ కొనల దగ్గరే పెట్టాలి. బ్యాటరీకి ఆ భారం చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మీటర్ 12.48 చూపుతున్నప్పుడు డిస్‌ప్లే 12.35 చూపిందనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.0105. ప్రోగ్రామ్‌లో కొలతను ఆ సంఖ్యతో హెచ్చిస్తే, ఆ రెండు రెసిస్టర్ల పుట్టు తేడా పోయినట్టే. మీటర్ తేడా మాత్రం అందులో కలిసే ఉంటుంది. వేడితో వచ్చే తేడా కూడా మిగిలే ఉంటుంది.

ఆ సంఖ్య ఇంకో మేలు కూడా చేస్తుంది. 1 శాతం రెసిస్టర్ల వల్ల వచ్చే తేడా 1.4 శాతం దాటదు కాబట్టి, ఈ సంఖ్య దాదాపు 0.986 కు 1.014 కు మధ్య ఉండాలి. 1.04 అనో 0.95 అనో వస్తే తప్పు రెసిస్టర్ల టాలరెన్సుది కాదు. వేరే విలువ రెసిస్టర్ పడి ఉండవచ్చు, టంకం సరిగా అతుక్కోక ఉండవచ్చు. అన్నిటికంటే ఎక్కువగా అనుమానించాల్సింది 5 వోల్టుల సరఫరాను.

ఎందుకంటే మామూలుగా ఊనో కొలిచేది తన సరఫరాను కొలబద్దగా పెట్టుకునే. సరఫరా 4.75 అయితే అదే 1023 కి అర్థం 4.75 వోల్టులు, 5.25 అయితే 5.25. ప్రోగ్రామ్ మాత్రం 5 అనే అనుకుంటుంది. రెసిస్టర్లతో 1.4 శాతానికి దించిన తేడా మీద ఇది 5 శాతం తెచ్చి పెడుతుంది. ఒకసారి సరిచేసుకుంటే ఆ రోజు ఉన్న తేడా పోతుంది. తర్వాత సరఫరా కదిలితే కొలత కూడా కదులుతుంది. ఖచ్చితమైన కొలత కావాలంటే కొలబద్దను వేరుగా తెచ్చుకోవాలి. దానికి రిఫరెన్స్ ఐసీలు ఉన్నాయి. బయటి రిఫరెన్స్ పెట్టినప్పుడు పై హద్దు మారుతుంది కాబట్టి డివైడర్ లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

వెయ్యి పరికరాలు చేసేవారికి

ఒకటి చేసుకునేవారు సరిచేసుకుంటారు. వెయ్యి చేసి అమ్మేవారు ఒక్కోదాన్ని కొలుస్తూ కూర్చుంటే ఖర్చు పెరుగుతుంది. అక్కడ ఇంకో వాదన వస్తుంది. పైది పూర్తిగా తగ్గడం, కిందిది పూర్తిగా పెరగడం ఒకే పరికరంలో జరగడం చాలా అరుదు కదా, అంత చెడ్డ లెక్క ఎందుకు అని. ఆ వాదనలో నిజం ఉంది. రెండు రెసిస్టర్ల తేడాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, వాటిని నేరుగా కలపకుండా వర్గాలను కలిపి వర్గమూలం తీస్తారు. అలా చేస్తే 27 కె, 12 కె 1 శాతం జతలో తేడా 1.38 శాతం బదులు 0.98 శాతంగా వస్తుంది.

అయితే ఆ లెక్క ఎక్కడ వాడాలో తెలియాలి. ఒకే రీలు నుంచి వచ్చిన రెసిస్టర్లు అన్నీ ఒకే వైపు వాలి ఉండటం మామూలే. 27 కె రీలు అంతా కొంచెం తక్కువవైపు, 12 కె రీలు అంతా కొంచెం ఎక్కువవైపు పడితే ఆ వెయ్యి పరికరాలన్నీ ఒకే మూలకు జరుగుతాయి. అప్పుడు అరుదు అన్న మాటకు అర్థం లేదు. అందుకే డిస్‌ప్లే ఎంత సరిగా చూపుతుందన్నది చెప్పడానికి వర్గమూలం లెక్క వాడినా, కాలికి హద్దు దాటకూడదన్న చోట మాత్రం వరస్ట్ కేస్ లెక్కే వాడాలి. మొదటిది తప్పితే అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. రెండోది తప్పితే పరికరం తిరిగి వస్తుంది.

బిగించే ముందు

చివరగా చేతిలో ఉన్న రెసిస్టర్ ఏదో సరిగా చూసుకోవాలి. 1 శాతం రెసిస్టర్ మీద ఐదు పట్టీలుంటాయి. 12 కె మీద అవి గోధుమ, ఎరుపు, నలుపు, ఎరుపు, గోధుమ. ఎటు నుంచి చదివినా అదే వరస, కాబట్టి తిరగేసినా తప్పు రాదు. 27 కె మీద ఎరుపు, ఊదా, నలుపు, ఎరుపు, గోధుమ. దాన్ని తిరగేసి చదివితే 120 కోట్ల ఓమ్‌లు అని వస్తుంది. అంత విలువ మామూలు దుకాణంలో ఉండదు కాబట్టి ఆ తప్పు వెంటనే దొరికిపోతుంది.

దొరకని తప్పు ఒకటుంది. రెండు రెసిస్టర్లూ సరైనవే, కానీ తారుమారుగా పెట్టడం. 12 కె పైన, 27 కె కింద పడితే 15 వోల్టులకు కాలి దగ్గర 10.4 వోల్టులు వస్తాయి. చూడటానికి బోర్డు మీద తేడా తెలియదు. అందుకే ఆర్డుయినోకు కలపకముందే బ్యాటరీ తగిలించి మధ్య కీలు దగ్గర మీటర్ పెట్టి ఒకసారి చూడాలి. బ్యాటరీ 12.5 ఉన్నప్పుడు మీటర్ 3.8 దరిదాపుల్లో చూపాలి. మీటర్ లోపలి రెసిస్టెన్సు వల్ల అది కాస్త తగ్గినా ఫరవాలేదు. ఇక్కడ వెతుకుతున్నది ఖచ్చితత్వం కాదు, తారుమారును. 8.6 కనిపిస్తే రెసిస్టర్లు తలకిందులైనట్టు. పూర్తి బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తే కింది రెసిస్టర్ టంకం అతుక్కోనట్టు.

ఇంత లెక్కా అయ్యాక సర్క్యూట్ బొమ్మ మీద రాయాల్సింది రెండు రెసిస్టర్ల విలువలు మాత్రమే కాదు. వాటి పక్కన 1 శాతం మెటల్ ఫిల్మ్ అని, మధ్య కీలు పక్కన "15 వోల్టులకు 4.53 నుంచి 4.71" అని కూడా రాయండి. రేపు ఎవరైనా 12 కె దొరకలేదని 13 కె పెట్టబోతే, ఆ రెండు అంకెలు చూసి ముందు లెక్క వేస్తారు. 27 కె కింద 13 కె పెడితే 15 వోల్టుల దగ్గర రాసుకున్న విలువలతోనే 4.88 వోల్టులు వస్తాయి.